రాజులమ్మ నింపిన వయసు గడి

నర్సీపట్నంలో ఒకసారి రాజులమ్మ చేత రక్తం తీయించుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరి ముందు చెయ్యి చాపరు. ఆర్టీసీ కాంప్లెక్సు దాటాక మందుల షాపులు వరసగా ఉండే వీధిలో, ఒక మేడ మీద స్కానింగు సెంటరూ, దాన్ని ఆనుకుని చిన్న ల్యాబూ ఉన్నాయి. ఆ ల్యాబులో ఆవిడ పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. పుట్టిల్లు బలిఘట్టం. ఇంటర్ తప్పింది. గాజు గొట్టాలు కడగడానికి చేరి, కడుగుతూ కడుగుతూనే పని నేర్చుకుంది. పెనిమిటి లచ్చన్న కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. లోకంలో జరిగేవన్నీ ఆటోలో వినొచ్చి ఆయన చెబుతాడు. ల్యాబులో వినేవి ఆవిడ చెప్పదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఒక వైపు నుంచే వస్తాయని వాళ్ళ ఆడపడుచు వేళాకోళం చేస్తూ ఉంటుంది.

మాట దాచుకోవడం రాజులమ్మకి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఎవరికి సుగర్ వచ్చిందో, ఏ పెళ్ళికూతురికి రక్తం తక్కువో, ఎవరి కడుపు నిలిచిందో, ఎవరిది నిలవలేదో, అన్నీ ముందు తెలిసేది ఆవిడకే. తెలిసినవాటిలో ఏ ఒక్కటీ మెట్లు దిగనివ్వలేదని ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉంది. ఈ కథంతా ఆ గర్వం వల్ల వచ్చిందే.

ఎనిమిదేళ్ళుగా ల్యాబులో కొత్త పని ఒకటి పెరిగింది. మూడో నెల నిండుతున్న గర్భిణీలకు డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రాయడం డాక్టర్లకు మామూలైపోయింది. దాని వెంట ఒక ఫారం ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, బరువు, స్కాన్‌లో తేలిన బిడ్డ పొడుగు, మెడ వెనక నీటిపొర మందం, భర్త ఫోన్ నంబరు. భర్త అన్న మాట ఫారంలో లేదు, ఫోన్ నంబరని మాత్రమే ఉంది. కానీ రాజులమ్మ ఎప్పుడూ భర్త నంబరే రాసేది. అడిగితే వాళ్ళూ అదే చెప్పేవారు.

ఇవేం పరీక్షలని అడిగినవాళ్ళకి ఆవిడ దగ్గర సొంతంగా తయారుచేసుకున్న జవాబు ఉంది. "స్కానింగు కొలుస్తాది. బిడ్డ మెడ ఎనకాల నీరు ఎంత మందం ఉన్నాదో కొలుస్తాది. ఈ రక్తం తూస్తాది. మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే రెండు పదార్థాలు ఎక్కువున్నాయా తక్కువున్నాయా అని తూస్తాది. ఇంకో పెద్ద పరీక్ష ఉన్నాది. అది లెక్కపెడతాది. తల్లి రక్తంలో మాయ నుంచి వచ్చిన డీఎన్ఏ ముక్కలు తేల్తా ఉంటాయి. ఇరవై ఒకటో క్రోమోజోము ముక్కలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువున్నాయా అని లెక్కపెడతాది. మూడూ అనుమానం చెప్పేవే. తీర్పు సెప్పేవి కావు." ఈ మాటలు విన్న, సెంటర్లో గర్భిణీలను చూసే డాక్టర్ రాజేశ్వరి ఒకసారి నవ్వి, ఇంతకంటే తేలిగ్గా తనూ చెప్పలేనంది. ఆ మెప్పుని రాజులమ్మ చాలా రోజులు దాచుకుంది.

వెంకటదుర్గ వచ్చింది ఒక మంగళవారం. వెనక భర్త వాసు, పక్కన అత్త కొండలమ్మ. కృష్ణదేవిపేట దగ్గర వాళ్ళకి వరిపొలం, కొంచెం జీడితోట. కొండలమ్మ గొంతు మెట్ల కింద నుంచే వినిపించింది. వచ్చీ రాగానే ఈ రక్తంలో మగో ఆడో తెలుస్తాదా అని అడిగింది.

"అది సెప్పకూడదమ్మా. సెప్తే మమ్మల్ని జైల్లో ఎడతారు" అంది రాజులమ్మ, రోజూ చెప్పే మాటే.

తల ఎత్తి చూసేసరికి కుర్చీలో కూర్చున్నది తన ఊరి పిల్ల. అప్పలకొండ కూతురు దుర్గ. రాజులమ్మ ఆఖరి చెల్లెలు జోగులమ్మతో పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చుంది. ఇద్దరూ కలిసే పది తప్పారు. తల్లి పక్షవాతంతో మంచం పట్టాక దుర్గ పదిహేనేళ్ళు ఆ మంచం దగ్గరే ఉండిపోయింది. తల్లి పోయాక పెళ్ళయింది.

దుర్గ కూడా ఆవిడను గుర్తుపట్టింది. పట్టి, కళ్ళు దించేసుకుంది.

ఎందుకు దించుకుందో ఆధార్ కార్డు చూశాక రాజులమ్మకి అర్థమైంది. కార్డు ప్రకారం దుర్గకి ముప్పై ఒకటి. జోగులమ్మకి మొన్న ముప్పై ఏడు నిండాయి. ఆధార్ కొత్తగా ఊళ్ళోకి వచ్చినప్పుడు స్కూలు వరండాలో కూర్చుని తీసేవారు. నోటితో ఎంత చెబితే అంత రాసుకునేవారు. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న తండ్రి ఆ పూట ఏం ఆలోచిస్తాడో చెప్పక్కర్లేదు. అప్పలకొండ ఆరేళ్ళు కోసేశాడు. పెళ్ళికొడుకు వాసుకి ముప్పై నాలుగు. కార్డు మీద పెళ్ళాం మూడేళ్ళు చిన్న. నిజానికి మూడేళ్ళు పెద్ద.

పెన్ను పుట్టినతేదీ గడి మీద ఉంది. కొండలమ్మ భుజం మీంచి తొంగి చూస్తోంది.

"మా కోడలు సిన్న పిల్లేనండీ. బేగి నిలిసింది కడుపు" అంది.

రాజులమ్మ కార్డులో ఉన్నది ఉన్నట్టు దించింది. ఆ క్షణంలో ఆవిడ మంచిపనే చేస్తున్నాననుకుంది. ఆడపిల్ల కాపురం నిలబెట్టే అంకె అది. మన ఊరి పిల్ల. మనమెందుకు నోరు విప్పాలి? బరువు చూసి రాసింది. సూది గుచ్చింది. పసుపు మూత గొట్టంలో రక్తం పట్టి, గడ్డ కట్టాక యంత్రంలో తిప్పి, పైకి తేరిన నీటిని ఐసు పెట్టెలో పెట్టి విశాఖ పంపించింది. దుర్గ వెళుతూ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపులో ఉన్న కృతజ్ఞతని రాజులమ్మ ఆ రోజంతా మోసుకుని తిరిగింది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. వాసు ఫోనుకి వాట్సాప్‌లో నేరుగా వెళ్ళిపోయింది. ల్యాబుకి ఒక కాపీ వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పబోతూ రాజులమ్మ ఆ కాగితం చూసింది. ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి ఎక్కువై బిడ్డ ఎదుగుదల నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ అనుమానం ఆరు వందల్లో ఒకటి. తక్కువ రిస్కు అని ఆకుపచ్చ రంగులో రాసుంది. రెండు వందల యాభైలో ఒకటి దాటితేనే ఎక్కువ రిస్కు కింద లెక్క. అంతా బాగానే ఉంది. క్యారేజీ విప్పింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, ఆ కాగితం పై వరస గుర్తొచ్చింది.

పై వరసలో, వయసును బట్టి ఉండే రిస్కు అని ఒక అంకె ఉంటుంది. స్కాన్‌తోనూ రక్తంతోనూ సంబంధం లేకుండా, ఇంత వయసు తల్లికి మామూలుగా ఇంత అని. కంప్యూటరు అక్కడే మొదలుపెడుతుంది. మెడ నీరు మామూలుగా ఉంటే ఆ రిస్కుని తగ్గిస్తుంది, రక్తంలో పదార్థాలు అటో ఇటో మొగ్గితే పెంచుతుందో తగ్గిస్తుందో చేస్తుంది. దుర్గ కాగితంలో ఆ మొదటి అంకె ఐదు వందల నలభై మూడులో ఒకటి. మెడ నీరు ఒకటి పాయింట్ తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ పొడుగు బిడ్డకి అది మామూలే. రక్తంలో మాత్రం ఉండాల్సిన దానికన్నా ఒక పదార్థం కొంచెం తగ్గింది, రెండోది కొంచెం పెరిగింది. అవీ ఇవీ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మొదలుపెట్టిన చోటికి దగ్గరలోనే ఆగాయి.

మొదలుపెట్టిన చోటే తప్పయితే?

ఆవిడ చెయ్యి కడుక్కుని ఫైలు తీసింది. కిందటి నెల కొయ్యూరు నుంచి ముప్పై ఏడేళ్ళ ఆవిడ వచ్చింది. ఆవిడ కాగితంలో పై వరస నూట యాభై రెండులో ఒకటి. రాజులమ్మకి లెక్కల్లో ఇంటర్ పోయినా భాగారం పోలేదు. ఐదు వందల నలభై మూడుని నూట యాభై రెండు పెట్టి భాగిస్తే మూడున్నర. ఆరు వందల్ని మూడున్నరతో భాగిస్తే నూట డెబ్భై దరిదాపు. ఆకుపచ్చ రంగు ఎర్రరంగైంది. అన్నం అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం లచ్చన్న, ఆటోలో కొండలమ్మ మిఠాయి పొట్లం పంచిందని, కోడలి కడుపు పరీక్షలో పాసైందట అని చెప్పాడు. రాజులమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేకపోయింది. అప్పలకొండ మీద కావచ్చు, కొండలమ్మ మీద కావచ్చు. ఎక్కువ మాత్రం తన మీదే. తెలియక రాస్తే పొరపాటు అనొచ్చు. తెలిసి రాసినదాన్ని ఏమంటారు?

ల్యాబుకి ఫోన్ చేసి వయసు దిద్దించొచ్చు. దిద్దిన రిపోర్టు వెంటనే వాసు ఫోనులో టింగుమంటుంది. వయసు ముప్పై ఏడని, అనుమానం ఎక్కువని, రెండూ ఒకే కాగితం మీద. డాక్టర్ రాజేశ్వరికి చెప్పొచ్చు. కానీ ఆ రహస్యం దుర్గది. దుర్గని అడక్కుండా విప్పడం ఆవిడకి చేతకాలేదు. రెండు రోజులు ఊరుకుంది. ఆ రెండు రోజుల్లో ఇద్దరికి నరం దొరక్క రెండేసిసార్లు గుచ్చింది. రాజులమ్మ చేతికి అలా జరగడం చూసి ల్యాబులో వాళ్ళు వంట్లో బాగోలేదా అని అడిగారు.

మూడో రోజు లచ్చన్న ఆటోలోనే కృష్ణదేవిపేట వెళ్ళింది. ఎందుకని ఆయన అడగలేదు. పాతికేళ్ళ కాపురంలో ఆ మాత్రం నేర్చుకున్నాడు. ఆవిడ దిగుతుంటే, "గంటలో తిరిగొస్తాను, రోడ్డు మీదే ఉండు" అన్నాడంతే.

కొండలమ్మ అరుగు మీద జీడిపిక్కలు ఆరబోస్తోంది. ల్యాబు మనిషిని చూసి కంగారుపడింది. కాగితం మీద ఒక సంతకం మిగిలిపోయిందని రాజులమ్మ అబద్ధమాడింది. పనిలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదేననుకుంది, వెంటనే కాదు రెండోదని దిద్దుకుంది. కొండలమ్మ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే దుర్గని పెరట్లోకి తీసుకెళ్ళింది.

విషయం మూడు ముక్కల్లో చెప్పేసింది. దుర్గ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. అక్కని పిలిచినట్టు, ఊరి మాటలో అప్పా అనే పిలిచి నిలదీసింది.

"నీకు తెలుసు కదప్పా. ఆ రోజే తెలుసు. అప్పుడే సెప్పొచ్చు కదా."

"మీ అత్త పక్కనే ఉన్నాది."

"ఇప్పుడు లేదా?"

రాజులమ్మ వీధి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

దుర్గ నుయ్యి గట్టు మీద కూర్చుంది. మెల్లగా, "ఆరు వందల్లో ఒకటని వచ్చీసింది కదా. అదే ఉండనీ అప్పా. మా నాన్న సేసిన పని ఇప్పుడు బయటపడితే, మోసం సేసి అంటగట్టారని ఈవిడ నన్ను ఈ పూటే బలిఘట్టం పంపీగలదు. ఆయన కన్నా పెద్దదాన్ని అని ఊరంతా అనుకుంటారు. నీకు తెల్దా?" అంది.

"తెలుసు."

"మరేటి సేయమంటావు?"

"నీకు తక్కువుందనో ఎక్కువుందనో సెప్పడానికి రాలేదు, దుర్గా. ఆ ఆరు వందలన్నది నీ అంకె కాదు. ముప్పై ఒక్కేళ్ళ మనిషి ఎవరిదో. అలాటి మనిషి ఈ ఇంట్లో లేదు. లేని మనిషి కాగితం నీ సేతికిచ్చాను నేను. నీ అంకె తీసుకుని సించి పడేస్తావో, దాని మీద ఇంకో పరీక్ష సేయించుకుంటావో, అది నీ ఇష్టం. కానీ నీది నీకు ఇవ్వాల."

దుర్గ ఏడవలేదు. ఏడిస్తే అత్తకి కళ్ళు కనిపిస్తాయని కావచ్చు. "ఆ పెద్ద పరీక్షకి కూడా వయసు రాయాలా?" అని అడిగింది.

అదే సందులోంచి తప్పించుకోవచ్చని రాజులమ్మ కూడా రెండు రోజులూ ఆలోచించింది. "లెక్కపెట్టడానికి వయసుతో పనిలేదు. ముక్కలు ఎన్నున్నాయో అన్నే ఉంటాయి. కానీ వచ్చిన జవాబుని ఎంత నమ్మాలో తెలియాలంటే వయసు గావాల. మేడంకి అబద్ధం సెప్పి మంచి సలహా ఇమ్మంటే ఆవిడ మాత్రం ఏటి ఇస్తాది?"

కొండలమ్మ చెంబుతో వచ్చేసింది. వాళ్ళిద్దరూ జోగులమ్మ పిల్లల గురించి మాట్లాడుకుంటున్నట్టు మాట మార్చారు.

ఆ తర్వాతి శనివారం దుర్గ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. రాజులమ్మ ఆమెని వెంటబెట్టుకుని డాక్టర్ రాజేశ్వరి గదిలోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టర్ ముందు దుర్గ వంక కాదు, రాజులమ్మ వంక చూసింది.

"తెలిసి రాశావా?"

"తెలిసే రాశాను మేడం."

"ఇంకోసారి ముందు నాకు చెప్పు. నాకు చెప్పిన మాట కూడా ఈ గది దాటదు. రహస్యం నువ్వొక్కదానివే దాచగలవనుకున్నావా?" అంది డాక్టర్. ఆ మాట రాజులమ్మకి గట్టిగానే తగిలింది, తగలాల్సిన చోటే తగిలింది.

సరైన వయసుతో లెక్క మళ్ళీ కట్టించారు. ఫోన్ నంబరు గడి దగ్గర రాజులమ్మ చెయ్యి ఆగింది. "నీ నంబరు సెప్పు" అంది. దుర్గ తన నంబరు తనకే గుర్తులేక ఫోను తీసి చూసి చెప్పింది. సోమవారానికి రిపోర్టు వచ్చింది. నూట అరవై ఎనిమిదిలో ఒకటి. మెడ నీరు అదే, రక్తం అదే. వయసొక్కటే మారింది.

డాక్టర్ దుర్గని కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. నూట అరవై ఎనిమిది మంది ఇలాంటి కాగితంతో వస్తే, వాళ్ళలో నూట అరవై ఏడుగురి బిడ్డలకి డౌన్ సిండ్రోమ్ ఉండదని ముందు చెప్పింది. స్కానూ ఈ రక్తపరీక్షా కలిపితే, డౌన్ ఉన్న బిడ్డల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై మందిని పట్టుకుంటాయని, కానీ ఏ సమస్యా లేని తల్లుల్లో కూడా నూటికి అయిదుగురిని ఊరికే భయపెడతాయని చెప్పింది. ముక్కలు లెక్కపెట్టే పరీక్ష డౌన్ విషయంలో నూటికి తొంభై తొమ్మిది మందిని పట్టుకుంటుంది, ఊరికే భయపెట్టడం చాలా తక్కువ. అయినా అది చూసేది మాయ నుంచి వచ్చిన ముక్కల్ని, బిడ్డని కాదు. అందులో ఎక్కువని వస్తే ఉమ్మనీరు తీసి చూస్తే గానీ ఖాయం చెయ్యకూడదు. ఉమ్మనీరు పదహారో వారం దాటాక విశాఖలో తీస్తారు, దానికి గర్భం పోయే ముప్పు కొద్దిగా ఉంటుంది. కొన్నిసార్లు మాయ ముక్కలు రక్తంలో చాలక జవాబే రాదు, మళ్ళీ రక్తం ఇవ్వాలి.

"అయితే ఆ స్కాను దండగేనా మేడం?" అంది దుర్గ.

"దండగ కాదు. ముక్కలు లెక్కపెట్టే పరీక్షకి గుండె, తల, చేతులు, కాళ్ళు కనబడవు. స్కానుకి కనబడతాయి. దేని పని దానిదే. అయిదో నెల స్కాను ఎలాగూ చెయ్యాలి. ఇవేవీ వద్దు, పుట్టిన బిడ్డని పుట్టినట్టు పెంచుకుంటాను అన్నా నేను కాదనను. అది కూడా జవాబే."

దుర్గ చాలాసేపు కాగితం మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. లెక్కపెట్టే పరీక్ష చేయించుకుంటానంది. "కానీ రేపు కాదు మేడం. ముందు ఆయనకి సెప్తాను. ఎక్కువని వస్తే నానొక్కదాన్నే మొయ్యలేను. అప్పుడు వయసు మాటా ఈ మాటా రెండూ ఒకేసారి సెప్పాల్సి వస్తాది." 

ఆ తర్వాత నాలుగు రోజులు కబురు లేదు. లచ్చన్న రోజూ ఆటోలో విన్నవన్నీ చెబుతున్నాడు. మొదటిసారిగా రాజులమ్మ శ్రద్ధగా వింటోంది. కొండలమ్మ ఇంటి ఊసు ఎక్కడా రాలేదు. ఆ పిల్లని పుట్టింటికి పంపేశారేమోనని బలిఘట్టం చెల్లెలికి ఫోన్ చేసి, ఊరికే చేశానని పెట్టేసింది. భయమంటే ఏమిటో ఆ నాలుగు రోజులూ ఆవిడకి తెలిసింది. ఇతరులకి రిపోర్టు కోసం ఎదురుచూడమని అంత తేలిగ్గా ఎలా చెబుతూ వచ్చానా అనిపించింది.

అయిదో రోజు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దుర్గ, వెనక వాసు. ఇద్దరి మొహాల్లోనూ నిద్రలేదు. వాసు ఎవరి వంకా చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. రాజులమ్మ కొత్త ఫారం తీసింది. ఆధార్ కార్డు అడగలేదు. పెన్ను గడి మీద పెట్టి ఆగింది.

దుర్గ నోరు విప్పబోయేలోపు వాసు క్యాలెండరు వైపు చూస్తూనే, "ముప్పై ఏడు రాయండి" అన్నాడు.

రాజులమ్మ రాసింది.  వాసు ఇటు తిరిగాడు. "మూడ్రోజులు మాటాడలేదండీ నాను. కోపమే. ఇప్పుడూ ఉన్నాది. కాపోతే ఆ కోపం ఈ గడిలో ఎట్టకూడదు కదా" అన్నాడు. ఆ మనిషి మీద రాజులమ్మకి ఒక్కసారిగా ఎంత అభిమానం కలిగిందంటే, చేతిలో సూది లేకపోతే లేచి దండం పెట్టేదే.

ఈ రక్తానికి వేరే గొట్టం. అందులో ముందే మందు ఉంటుంది, తల్లి కణాలు చితికి ఆవిడ ముక్కలు కలిసిపోకుండా. దీన్ని ఐసులో పెట్టకూడదు. రాజులమ్మ నెమ్మదిగా పదిసార్లు తల్లకిందులు చేసి, దూది చుట్టి, ఐసు పెట్టె పక్కన వేరే డబ్బాలో పెట్టింది. డబ్బా మీద, ఐసు వద్దు అని పెద్ద అక్షరాలతో రాసింది.

"అమ్మకి సెప్పలేదు. సెప్పం కూడా. ఆవిడకి కోడలు సిన్న పిల్లే" అన్నాడు వాసు వెళుతూ. దుర్గ ఆ మాటకి నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైందని భర్తకి కూడా అనిపించినట్టుంది, ఒక్క క్షణం ఆగి చూశాడు.

పదకొండో రోజు దుర్గ ఫోనుకి జవాబు వచ్చింది. తక్కువ అనుమానం. ముక్కల లెక్క మామూలుగానే ఉంది, మాయ వాటా కూడా సరిపోయింది. డాక్టర్ వయసు కలిపి చూసి, ఇది నమ్మొచ్చు, అయిదో నెల స్కాను మాత్రం మానొద్దు అంది. దుర్గ రాజులమ్మకి ఫోన్ చేసి, "అప్పా, ఇది నాదే కదా?" అని అడిగింది. నీదే అని రాజులమ్మ రెండుసార్లు చెప్పింది.

అక్కడితో అయిపోవాలి. రాజులమ్మ కూడా అయిపోయిందనే అనుకుంది.

ఆవిడ ఆ నెల నుంచి పద్ధతి మార్చింది. డాక్టర్ ఒప్పుకుని గదికి ఒక పరదా కట్టించింది. గర్భిణీ ఒక్కతే లోపలికి రావాలి. అత్త, ఆడపడుచు, మొగుడు, ఎవరైనా బయటే. ఐసు పెట్టెకి బయటి గాలి తగలకూడదని ఒక సాకు చెబుతుంది. లోపల ఆధార్ కార్డు తీసుకుని బోర్లా పెడుతుంది. "ఇది గవర్నమెంటుకి. నాకు నిజం వయసు సెప్పమ్మా. రాసుకునేది లెక్కకి మాత్రమే. ఫోను నంబరు కూడా నీదే సెప్పు" అంటుంది.

చాలామంది కార్డులో ఉన్నదే చెప్పారు. కొందరు పరదా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, వేరే అంకె చెప్పారు. నెలాఖరికి ఆవిడ ఆ ఫారాలు దొంతరగా పెట్టి చూసుకుంది. నలభై ఒక్క మంది వచ్చారు. కార్డుకీ నోటికీ కలవనివాళ్ళు తొమ్మిది మంది. పెళ్ళి కోసం తగ్గించినవాళ్ళు, చిన్నతనంలో పెళ్ళి చెయ్యడానికి పెంచినవాళ్ళు, ఎవరో మాస్టారు తోచింది రాస్తే అలాగే ఉండిపోయినవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ, వరహాలక్ష్మి అని బలిఘట్టం వైపు కోడలే, కార్డులో ముప్పై మూడుంటే నోటితో ముప్పై తొమ్మిదని చెప్పింది. ఇది ఆవిడకి రెండో కాన్పు.

"మొదటిసారి కూడా ఇక్కడే ఇచ్చాను రక్తం. మీరే తీసారు. అప్పుడు ఎవరూ అడగనేదు" అంది.

"అప్పుడు ఏటి వచ్చింది?" అని అడిగింది రాజులమ్మ, పెన్ను కింద పెట్టి.

"తక్కువ అని వచ్చింది. బాబుకి ఇప్పుడు నాలుగేళ్ళు. నడక ఆలీసం. మాటలింకా రాలేదు. డౌన్ అన్నారు. కాగితంలో బాగుందన్నారు కదా, మరి మాకెందుకు ఇలాగైందని ఎవర్ని అడగాలో తెలీలేదు."

వరహాలక్ష్మి మాటలో నిష్ఠూరం లేదు. బాబు ఫోటో కూడా చూపించింది. చాక్లెట్ మొహమంతా పూసుకుని నవ్వుతున్నాడు, ముద్దుగా ఉన్నాడు. ఆ పరీక్ష సరైన వయసుతో చేసినా కొందరిని వదిలేస్తుందని రాజులమ్మకి తెలుసు. ఆ కాగితం కార్డులోని తప్పు అంకెతోనే మొదలైందని కూడా తెలుసు. రెండింట్లో ఏది జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆవిడ ఫారం పక్కన పెట్టింది. సూది తియ్యలేదు. కుర్చీ దగ్గరకి జరుపుకుని కూర్చుని, "మీరు అడగాల్సింది నన్నేనమ్మా" అంది.